ఎనిమిదంగుళాల గ్రైండర్‌కి పదంగుళాల రాయి: గార్డు తీస్తే పడుతుంది, కానీ పెట్టకండి

ప్రశ్న: "చీమకుర్తి దగ్గర మాది చిన్న షెడ్డు. జాక్‌హ్యామర్ రాడ్లకి మొన సానబెట్టడం, వెల్డింగు, చిల్లర రిపేర్లు చేస్తాం. 8 అంగుళాల గ్రైండర్ ఉంది, ప్లేటు మీద 2880 ఆర్‌పీఎం అని ఉంది. కుడివైపు రాయి అరిగిపోయింది. ఒంగోలులో 8 అంగుళాలది దొరక్క 10 అంగుళాలది తెచ్చాం. దాని మీద 250 × 25 × 31.75, గరిష్ఠ వేగం 2675 అని రాసుంది. గార్డు తీసేస్తే పడుతోంది. షాఫ్టు 20 మి.మీ., బోరు పెద్దది కాబట్టి లేత్ అతను ఇనప బుష్షు బిగించి ఇస్తానన్నాడు. రాయిని సుత్తితో తట్టి చూస్తే మోత సరిగ్గా రాలేదనిపించింది. వాడొచ్చా? టూల్ రెస్టు ఎంత దూరంలో పెట్టాలి?"

వాడకూడదండి. ఆ రాయి ఎంత కొత్తదైనా, మోత ఎంత బాగా వచ్చినా మీ గ్రైండర్‌కి అది పనికిరాదు. కారణం మీరు రాసిన రెండు అంకెల్లోనే ఉంది: రాయి మీద 2675, మిషను మీద 2880. రాయి మీద రాసింది ఎప్పుడూ మిషను వేగం కంటే ఎక్కువగానో, కనీసం సమానంగానో ఉండాలి. ఇక్కడ తక్కువ ఉంది. అయినా అంతటితో వదిలేస్తే "200 తేడాకే పగిలిపోద్దా ఏంటి" అని షెడ్డులో ఎవరో ఒకరు అంటారు. అందుకని లెక్క వేసి చూపిస్తాను.

రాయి పగలడానికి ఆర్‌పీఎం నేరుగా కారణం కాదు. అంచు ఎంత వేగంతో పోతోందన్నదే అసలు సంగతి. ఒకే షాఫ్టు మీద పెద్ద రాయి పెడితే దాని అంచు ఎక్కువ దూరం తిరగాలి, కాబట్టి వేగంగా పోతుంది. లెక్క తేలికే. రాయి వ్యాసాన్ని మీటర్లలో తీసుకుని 3.14తో గుణించి, ఆర్‌పీఎంతో గుణించి, 60తో భాగిస్తే సెకనుకు ఎన్ని మీటర్లో వస్తుంది. మామూలు బెంచి గ్రైండర్లకి వాడే సిరామిక్ బంధం రాళ్లు ఎక్కువగా సెకనుకు 33 నుంచి 35 మీటర్ల దాకానే పనికొస్తాయి. మీ రాయి మీది 2675 కూడా అలా వచ్చిందే: 3.14 × 0.25 × 2675 ÷ 60 అంటే సరిగ్గా 35.

ఇప్పుడు చాలామంది పట్టించుకోని చిన్న సంగతొకటి. మోటారు ప్లేటు మీద ఉండే 2880 పూర్తి లోడులో వేగం. మీరు స్విచ్ వేసి, పని ఇంకా ఆనించకముందు, ఆ మోటారు దాదాపు 3000 దగ్గర తిరుగుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి రెండు పోళ్ల మోటారుకి 3000 పైకప్పు. రాయి ఒట్టిగా తిరిగేది ఆ వేగంలో. అందుకే నేను ఎప్పుడూ 2880 పెట్టి లెక్కవేయను, 3000 పెడతాను. మీ పాత ఎనిమిదంగుళాల రాయికి 3.14 × 0.2 × 3000 ÷ 60 అంటే 31.4 మీటర్లు. 35 లోపలే ఉంది, నిశ్చింత. పదంగుళాల రాయికి అదే లెక్క వేస్తే 39 దాటుతుంది. పరిమితి మీద పన్నెండు శాతం ఎక్కువ.

పన్నెండు శాతమే కదా అనిపిస్తుంది. కానీ తిరిగే రాయిని బయటికి లాగే బలం వేగంతో పాటు పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 1.12ని 1.12తో గుణిస్తే 1.25. అంటే రాయి తయారుచేసినవాళ్లు ఒప్పుకున్న దానికంటే పాతిక శాతం ఎక్కువ బలం ప్రతి క్షణం దాన్ని చీల్చడానికి లాగుతుంటుంది. పని ఆనించినప్పుడు పడే ఒత్తిడి, వేడి దీనికి అదనం. "కంపెనీవాళ్లు ఇంకా ఎక్కువ వేగంలో తిప్పి పరీక్షిస్తారంట కదా" అని ఒక వాదన వినిపిస్తుంది. పరీక్షిస్తారు, నిజమే. కానీ ఆ మిగులు ఉంచింది మనం వాడుకోవడానికి కాదు. రవాణాలో తగిలే దెబ్బలకీ, బిగింపులో వచ్చే చిన్న తేడాలకీ, పని గుచ్చుకున్నప్పుడు వచ్చే కుదుపుకీ అది ఖర్చయిపోతుంది.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 30వ సెక్షనులోనే గ్రైండింగు జరిగే గదిలో ఒక బోర్డు పెట్టాలని రాశారు. ప్రతి రాయికి సురక్షితమైన అంచు వేగం ఎంత, షాఫ్టు వేగం ఎంత, ఆ వేగం రావడానికి పుల్లీ సైజు ఎంత, ఇవన్నీ అందులో ఉండాలన్నారు. పుల్లీ సైజు ఎందుకంటే అప్పట్లో గ్రైండర్లు ఎక్కువగా బెల్టు మీద నడిచేవి, పుల్లీ మారిస్తే వేగం మారిపోయేది. బెల్టు గ్రైండర్లు ఇప్పటికీ కొన్ని షెడ్లలో ఉన్నాయి. మీకు తెలిసినవాళ్ల దగ్గర ఉంటే పుల్లీ మార్చే ముందు ఈ లెక్క వెయ్యమనండి.

గార్డు సంగతికి వద్దాం. గార్డు తీస్తే రాయి పట్టడమే మీ ప్రశ్నలో నన్ను ఎక్కువ భయపెట్టిన మాట. ఎదురుగా నిలబడితే బెంచి గ్రైండర్ రాయి ముందువైపు కిందికి తిరుగుతుంది. అంటే రాయి నెత్తి భాగం మీవైపే వస్తుంటుంది. పైన ఉన్నప్పుడు ఒక ముక్క ఊడితే అది పోయే దారిలో ఉండేది మీ మొహమో ఛాతీయో. సెకనుకు 39 మీటర్లంటే గంటకు 140 కిలోమీటర్లు. అంత వేగంలో అరకిలో రాయి ముక్క వస్తే కళ్లద్దాలు ఆపవు. ఆపగలిగింది ఆ ఇనప గార్డు ఒక్కటే. అది రవ్వలు పడకుండా పెట్టిన రేకు కాదు. ముందువైపు తెరిచి ఉంచే భాగం మొత్తం 90 డిగ్రీలు దాటకూడదు, అందులోనూ షాఫ్టు మట్టం నుంచి పైకి 65 డిగ్రీలు దాటకూడదు. పక్క మూత కూడా ఉండాల్సిందే, నట్టు చివర కూడా కప్పి ఉండాలి. కాబట్టి గార్డులో పట్టని రాయి ఆ మిషనుది కాదు. రాయి సైజు ఎంతవరకు పెట్టొచ్చో మిషను చేసినవాడు గార్డుతోనే చెప్పేశాడు.

ఇక మోత. సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా, ఇదీ అదే పరీక్ష. కాకపోతే సుత్తితో తట్టకూడదు. ఇనప సుత్తి దెబ్బకి లేని పగులు వస్తుంది. మీకు మోత సరిగ్గా రాలేదంటే కారణం రాయే కాకపోవచ్చు, తట్టిన పద్ధతి కూడా కావచ్చు. పద్ధతి ఇలా ఉంటుంది.

ముందు రాయిని ఆరబెట్టి, దుమ్ము, రంపపు పొట్టు తుడిచెయ్యండి. తడిసిన రాయి, నూనె తాగిన రాయి బాగున్నా డబడబమంటాయి. నవంబరు వానల్లో రేకుల షెడ్డులో నేల మీద పడేసిన రాయికి ఈ పరీక్ష చేస్తే ఫలితాన్ని నమ్మలేం. రెండు మూడు రోజులు పొడి చోట ఉంచి తర్వాత తట్టాలి. అట్ట వాషర్లు పీకాల్సిన పని లేదు. రాయి బోరులో చూపుడు వేలో, ఒక చెక్క పుల్లో పెట్టి గాల్లో వేలాడదీయండి. చేత్తో అంచు పట్టుకుంటే మోత చచ్చిపోతుంది. వేలికి బరువనిపించే పెద్ద రాయైతే శుభ్రమైన గట్టి నేల మీద నిలబెట్టి చేయొచ్చు. స్క్రూడ్రైవర్ చెక్క పిడితోనో ప్లాస్టిక్ పిడితోనో మెల్లగా తట్టండి. నిట్టనిలువు గీత మీద కాకుండా, దానికి రెండు వైపులా 45 డిగ్రీల దగ్గర, అంచుకి ఒకటి రెండు అంగుళాలు లోపల. ఆ తర్వాత రాయిని మరో 45 డిగ్రీలు తిప్పి మళ్లీ అంతే. ఒక్క చోట తట్టి ఊరుకుంటే ఇంకోవైపున్న పగులు తప్పించుకోవచ్చు.

బాగున్న సిరామిక్ బంధం రాయి 'టంగ్' మని పలుకుతుంది, మోత కాసేపు సాగుతుంది. పగులుంటే 'డబ్' మని అక్కడే ఆగిపోతుంది. పెద్ద రాయి గొంతు లావుగా ఉంటుంది, చిన్నది సన్నగా పలుకుతుంది. ఆ తేడాని పగులనుకోవద్దు. అనుమానం వస్తే అదే సైజు, అదే రకం ఇంకో రాయి పక్కన పెట్టుకుని రెండూ తట్టి చూడండి. చెవి అలవాటు లేనివాళ్లకి అదే సులువు. రెసిన్ బంధం రాళ్లు, కటింగ్ డిస్కులు ఇలా పలకవు. వాటికి మోత పరీక్ష పెట్టి బాగాలేదని పారేస్తే తప్పు మనదే. వాటిని వెలుతురులో అంచు చుట్టూ, బోరు చుట్టూ కంటితో చూడాలి.

మోత పరీక్ష చెప్పగలిగింది ఒక్కటే, రాయిలో పగులు ఉందా లేదా అని. రాయి మీ మిషను వేగానికి సరిపోతుందా అన్నది చెప్పలేదు. మోత బాగా వచ్చిన పదంగుళాల రాయి కూడా మీ షాఫ్టు మీద 39 మీటర్ల వేగంతోనే తిరుగుతుంది. షాపులో తట్టి చూపించి "చూడండి ఎంత బాగా పలుకుతోందో, ఏం కాదు" అంటారు. పలకడానికీ వేగానికీ సంబంధం లేదు.

ఎప్పుడు తట్టాలన్నది కూడా ముఖ్యమే. షాపులో తట్టించుకుని తెచ్చి, ఇంటికొచ్చాక నేరుగా బిగించేస్తారు చాలామంది. ఒంగోలు నుంచి బైకు వెనక సంచిలో వేసుకుని, క్వారీ లారీలు తిరిగే రోడ్డు మీద వచ్చిన రాయికి షాపులో విన్న మోత లెక్కలోకి రాదు. షాఫ్టుకి ఎక్కించే ముందు, ఆ నిమిషంలో తట్టాలి. వాడుతున్న రాయిని విప్పి మళ్లీ ఎక్కించేటప్పుడూ తట్టాలి. కింద పడిన రాయిని మోత బాగా వచ్చినా నేను వాడను. ఇది కొందరికి అతి అనిపిస్తుంది. రాయి ఖరీదు, ఒక్కరోజు ఆసుపత్రి ఖర్చు పక్కపక్కన పెట్టుకుంటే నాకు అతి అనిపించదు.

ఇప్పుడు బిగింపు. లేత్ అతను చెప్పిన ఇనప బుష్షు వద్దు. రాయి బోరులో బుష్షు గట్టిగా దిగేలా చేస్తే, పని చేసేటప్పుడు షాఫ్టు, బుష్షు వేడెక్కి వ్యాకోచిస్తాయి. రాయి అంతగా వ్యాకోచించదు. లోపలి నుంచి మేకు దిగేసినట్టయి బోరు దగ్గర పగులు మొదలవుతుంది. ఆ పగులు పైకి కనిపించదు, రాయిని నొక్కి పట్టే ఫ్లాంజి బిళ్ల కింద ఉంటుంది. రాయితో పాటు కంపెనీ ఇచ్చే ప్లాస్టిక్ బుష్షులే వాడండి. 31.75 నుంచి 20కి దించే బుష్షు రాయి పెట్టెలో లేకపోతే షాపులో అడగండి. అది రాయి మందం కంటే బయటికి పొడుచుకు రాకూడదు. వస్తే ఫ్లాంజి రాయిని కాకుండా బుష్షుని నొక్కుతుంది, మీరు ఎంత బిగించినా రాయి వదులుగానే ఉంటుంది. రాయి షాఫ్టు మీదికి చేత్తో తేలిగ్గా జారాలి. గట్టిగా ఉంటే కొట్టి ఎక్కించకూడదు, వదులుగా ఊగకూడదు. బోరుని ఆకురాయితో గీకి పెద్దది చేయడం కూడా కుదరదు.

ఫ్లాంజిల దగ్గర ఎక్కువ తప్పులు చూస్తుంటాను. రాయికి రెండు వైపులా ఉండే ఈ బిళ్లలు రెండూ ఒకే వ్యాసంలో ఉండాలి, ఆ వ్యాసం రాయి వ్యాసంలో మూడో వంతుకి తగ్గకూడదు. మీ 200 మి.మీ. రాయికి 67, మీరు తెచ్చిన 250కి 84. చూశారా, మీ గ్రైండర్‌తో వచ్చిన ఫ్లాంజిలు ఎనిమిదంగుళాల రాయికి చేసినవి కాబట్టి పదంగుళాల రాయికి ఇక్కడా చాలకపోవచ్చు. ఫ్లాంజి లోపలి ముఖం మధ్యలో గుంటగా ఉంటుంది, అంచు చుట్టూ ఒక పట్టీ మాత్రమే రాయిని తాకుతుంది. బోరు దగ్గర రాయి బలహీనం కాబట్టి ఒత్తిడి అక్కడ పడకుండా అలా చేశారు. బయటి ఫ్లాంజి పోయిందని దాని బదులు చదునైన వాషరు వేసి బిగించడం షెడ్లలో మామూలే. అప్పుడు లోపలివైపు పెద్ద బిళ్ల, బయటివైపు చిన్న వాషరు. రెండు వేర్వేరు చోట్ల నొక్కుతాయి కాబట్టి రాయి మధ్యలో వంగే ఒత్తిడి పడుతుంది. నట్టు బిగించేటప్పుడే పగలొచ్చు. లేదా పగులు పుట్టి, రెండు రోజుల తర్వాత పనిలో ఉండగా తెలియొచ్చు. అరిగిపోయిన ఫ్లాంజిని, అంచు వంగిన ఫ్లాంజిని కూడా అలాగే అనుకోండి. లోపలి ఫ్లాంజి షాఫ్టు మీద కదలకుండా, ఊగకుండా ఉందో లేదో చేత్తో చూసుకోండి.

ఫ్లాంజికీ రాయికీ మధ్య అట్ట వాషరు తప్పనిసరి, రెండు వైపులా. చాలా రాళ్లకి కంపెనీ లేబులే అట్ట వాషరుగా అంటించి వస్తుంది, దాన్ని అందంగా లేదని గీకేయకండి. రాయి ముఖం గరుకు, ఇనుము గట్టి. రెండూ నేరుగా తాకితే ఎత్తుగా ఉన్న గింజల మీదే బరువంతా పడుతుంది. మెత్తని అట్ట ఆ ఒత్తిడిని అంతటా పంచుతుంది. ఫ్లాంజి కంటే కొంచెం పెద్దదిగా, నలగకుండా, మడత పడకుండా ఉండాలి.

నట్టు బిగించేటప్పుడు మీరు ముందు నిలబడి చూస్తే ఎడమ చివర ఎడమ మర, కుడి చివర మామూలు మర ఉంటుంది. రాయి తిరిగే దిశకి నట్టు బిగుసుకునేలా అలా పెట్టారు. అందుకే రాయి జారకుండా పట్టేంత బిగిస్తే చాలు. పానాకి పైపు తొడిగి లాగడం, ఉలి పెట్టి కొట్టడం రాయిని పగలగొట్టే పద్ధతులు. ఈ పనంతా ప్లగ్గు పీకాకే. స్విచ్ ఆఫ్ చేస్తే చాలదు, పక్కవాడు వేసేస్తాడు.

పని ముక్కని ఆనించే టూల్ రెస్టుకీ రాయికీ మధ్య సందు 3 మి.మీ. దాటకూడదు. పైన గార్డుకి ఉండే నాలుక పట్టీకీ రాయికీ మధ్య 6 మి.మీ. దాటకూడదు. మీ షెడ్డులో వెల్డింగు ఉందన్నారు కాబట్టి దీనికి కొలబద్ద కొనక్కర్లేదు. 3 మి.మీ. ప్లేటు ముక్క ఒకటి, 6 మి.మీ. ప్లేటు ముక్క ఒకటి కోసి, చిన్న రంధ్రం పెట్టి గ్రైండర్ కాలికి తాడుతో వేలాడదీయండి. రాయి ఆగిన తర్వాత పలచటి ముక్క రెస్టు దగ్గర, మందపాటిది పైన పెట్టి చూడండి. ముక్క పెట్టాక ఇంకా ఖాళీ మిగిలితే రెస్టుని, పట్టీని దగ్గరికి జరపాలి. రాయి ఒకచోట పొంగి, ఒకచోట అరిగి ఉంటే చేత్తో ఒక చుట్టు తిప్పి ఎక్కడ దగ్గరగా ఉందో చూసి అక్కడ కొలవండి. బాగా ఒంకరగా ఉంటే ముందు డ్రెస్సరు పెట్టి గుండ్రంగా చేసి, ఆపి, తర్వాత సందు సరిచేయాలి.

ఆ 3 మి.మీ. పట్టుదల ఎందుకో మాకు తెలిసిన ఒక షెడ్డులో జరిగింది చెబుతాను. రాయి బాగా అరిగింది. ఎనిమిదంగుళాలది ఏడుకి వచ్చిందంటే చుట్టూ అర అంగుళం తగ్గినట్టు, అంటే ఎవరూ రెస్టు ముట్టుకోకపోయినా 3 మి.మీ. సందు కాస్తా 15 దాటింది. కంప్రెసర్ పుల్లీకి వేసే కీ, చదరపు ఇనప ముక్క, ఒక మూల కొంచెం తగ్గించాలని ఒకతను ఆనించాడు. రాయి కిందికి తిరుగుతోంది కదా, ముక్కని లాక్కుపోయి ఆ సందులో ఇరికించేసింది. ఒక్కసారిగా ఆగిన రాయి మూడు ముక్కలైంది. రెండు గార్డులోనే ఉండిపోయాయి. పైన నాలుక పట్టీ ఎప్పుడో ఊడిపోయి ఉంది, మూడో ముక్క ఆ ఖాళీలోంచి వచ్చి పై రేకు చీల్చుకుని పోయింది. అతను తల వంచి పక్కకి చూస్తున్నాడు కాబట్టి మొహం దక్కింది, చూపుడు వేలి కొస పోయింది. తర్వాత వెళ్లి చూస్తే రెస్టు బోల్టు తుప్పుపట్టి కదలనంటోంది. దాన్ని విప్పలేక వదిలేశారన్నమాట. కాబట్టి మీ రెస్టు బోల్టులకి ఇప్పుడే కాస్త నూనె వేసి, తేలిగ్గా కదులుతున్నాయో లేదో చూడండి. జరపడం కష్టమైతే ఎవరూ జరపరు.

పై పట్టీ సందు కూడా ఇదే లెక్క. రాయి అరిగేకొద్దీ పైన ఖాళీ పెరుగుతుంది, ముక్క బయటికి రావడానికి దారి పెరుగుతుంది. చాలా బెంచి గ్రైండర్లకి ఈ పట్టీ చిన్న రేకులాగా రెండు స్క్రూలతో ఉంటుంది. అది రవ్వలకి అడ్డం పెట్టే అద్దాన్ని బిగించే క్లాంపు అనుకుని తీసేస్తుంటారు. పట్టీ చివరిదాకా కిందికి దించినా సందు 6 మి.మీ. దాటితే రాయి జీవితం అయిపోయినట్టే, మార్చేయండి.

రెస్టు ఎత్తు షాఫ్టు మట్టానికి సమానంగానో, కొద్దిగా పైనో ఉంచండి. రాయి తిరుగుతుండగా జరపడం మాత్రం ఎప్పుడూ వద్దు. రెస్టో పానాయో జారి రాయికి తగిలితే సందులో పడిన కీ చేసిన పనే చేస్తుంది.

మీరు జాక్‌హ్యామర్ రాడ్లు సానబెడతామన్నారు కాబట్టి ఒకటి. కార్బైడ్ మొన ఉన్న రాడ్డుకి ఆకుపచ్చ సిలికాన్ కార్బైడ్ రాయే వాడండి, మామూలు బూడిదరంగు రాయి కార్బైడ్‌ని కోయదు. కోయడం లేదని బలంగా నొక్కితే రాయి వేడెక్కుతుంది, మొన కూడా చిట్లుతుంది. రాడ్డు పొడవు మీ పనికి ఇంకో చిక్కు. మీటరున్నర రాడ్డు ఒక చివర రెస్టు మీద పెట్టి, ఇంకో చివర ఒక మనిషి చంకలో పట్టుకుంటే బరువంతా రెస్టు మీద ఊగుతుంది. బోల్టు సడలుతుంది, రెస్టు రాయి నుంచి దూరం జరుగుతుంది. పొద్దున్న 3 మి.మీ. పెట్టింది మధ్యాహ్నానికి 3 ఉండదు. రాడ్డు వెనక చివరకి అదే ఎత్తులో ఒక స్టాండు చేసుకోండి, పైన చిన్న రోలరు ఉంటే రాడ్డు తిప్పుతూ మొన వంపు చుట్టూ రుద్దడం కూడా తేలిక. కార్బైడ్ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు, ముక్కుకి తుండుగుడ్డ కట్టుకుంటే చాలదు, మాస్కు పెట్టుకోండి. ఆ మాటకొస్తే మెడ మీద తుండుగుడ్డ, చేతికి గుడ్డ గ్లవ్సు రెండూ గ్రైండర్ దగ్గర వద్దు, కొస పట్టుకుంటే లాగేస్తుంది.

కొత్త రాయి బిగించాక ముందు చేత్తో తిప్పి ఎక్కడా తగలడం లేదని చూడండి. గార్డు, పట్టీ, రెస్టు అన్నీ పెట్టాక పక్కకి నిలబడి స్విచ్ వేసి, ఎదురుగా ఎవరినీ రానివ్వకుండా ఒక నిమిషం ఒట్టిగా తిరగనివ్వండి. దడదడ ఊగితే ఆపి, విప్పి, బుష్షు, ఫ్లాంజిలు మళ్లీ చూడండి. మొదటి కొద్ది నిమిషాలు తేలికపాటి పనే ఆనించండి. చల్లటి రాయి మీద ఒక్కసారిగా బలంగా నొక్కడం, రాయి పక్క ముఖం మీద రుద్దడం మానుకోండి. పక్క నుంచి వచ్చే బలాన్ని ఆ రాయి తట్టుకోలేదు.

ఒంగోలులో అడగాల్సింది ఇది: 200 × 25, బోరు 31.75, గరిష్ఠ వేగం 3000 పైన రాసి ఉన్నది, 20కి దించే ప్లాస్టిక్ బుష్షుతో. ఆ సైజు రాళ్ల మీద 3340 అని ఉండటం సాధారణం. వేగం రాయని రాయిని, లేబులు చిరిగిపోయిన రాయిని ఎంత తక్కువకిచ్చినా తీసుకోవద్దు.

పదంగుళాల రాయి మీరు సుత్తితో తట్టారు కాబట్టి షాపువాడు వెనక్కి తీసుకోకపోవచ్చు. దాన్ని ముందు చెప్పిన పద్ధతిలో చెక్క పిడితో మళ్లీ తట్టి చూడండి. మోత 'డబ్' మంటే పగలగొట్టి పారేయండి, మూలన పెడితే రేపు ఇంకెవరో ఎక్కిస్తారు. బాగా పలికితే, మీకు తెలిసినవాళ్ల దగ్గర 1440 ఆర్‌పీఎం పెడస్టల్ గ్రైండర్ పదంగుళాల గార్డుతో ఉంటే వాళ్లకి ఇచ్చి డబ్బులు తెచ్చుకోండి. ఆ మిషను మీద అంచు వేగం 20 మీటర్లు కూడా దాటదు.